నాయనమ్మ అష్టకంలో తగ్గిన మాత్ర

మా నాయనమ్మ రాసిన నరసింహాష్టకాన్ని పాత నోటుబుక్కులోంచి ఫోన్లోకి ఎక్కిస్తూ, మనవరాలు ఆగింది. "తాతా, ఎనిమిదో పద్యం చివర ఒక మాత్ర తక్కువైంది. సరిచేయనా?"

నా ఈడువాళ్లకు గుర్తున్నాయా, పోలీసు చర్యకు ముందటి ఆ రోజులు? మారేడ్‌పల్లిలో పొద్దుగూకకముందే గడియ పెట్టి, తలుపు వెనక రోలు ఆనించేవాళ్లం. తెలిసినవాళ్లమంటూ తలుపులు తీయించి దోచుకుంటున్నారని అందరికీ భయం. వరంగల్ వెళ్లిన నాన్న పది రోజులైనా రాలేదు.

మా ఇలవేల్పు మీది ఆ అష్టకంలో పాదానికి పదహారు మాత్రలు. ప్రతి పద్యమూ 'కావుము నరహరి' అనే మకుటంతోనే ముగుస్తుంది. నాయనమ్మ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ కట్టింది. చివరి పాదంలో మాత్రం లెక్క తప్పి, 'గడప నిలిచితి' దగ్గర ఎనిమిదికి ఏడే వచ్చాయి. స్వామికి అర్పించాక మార్చేది లేదంది. అందుకే నాన్న అక్కడ 'గడపా' అని సాగదీసి సరిపెట్టేవాడు.

ఆ సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు.

"అమ్మా, నేనే. జెర దర్వాజ తియ్యి."

బొంగురు గొంతు. నాన్నది కాదనిపించింది. అమ్మ నా నోరు మూసింది.

"నా కొడుకువే అయితే, నేను ఆపినకాడ అందుకో," అని నాయనమ్మ పాడింది.

"తడబడి వచ్చితి తలుపును తట్టితి..."

బయట దగ్గు వినిపించింది. తర్వాత ఆ బొంగురు గొంతే అందుకుంది.

"గడపా... నిలిచితి కావుము నరహరి."

ఇద్దరు పట్టి జరిపే ఆ రోలును నాయనమ్మ ఒక్కతే జరిపేసింది.

"సరిచేయొద్దు తల్లీ," అన్నాను మనవరాలితో. "మా నాన్న ఇంట్లోకి వచ్చింది ఆ ఖాళీలోంచే."