రెండో స్లైసు

ఇప్పుడు మోకాళ్ల స్కాన్లన్నీ కంప్యూటర్‌లోనే చూస్తున్నా, డాక్టర్ గియాసుద్దీన్ గారు ఫిల్ములు తగిలించే లైట్‌బాక్సు మీదికే నా మనసు పోతుంది. రెండువేల సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని టూవూంబా ఆసుపత్రిలో నాకు ఎమ్మారై నేర్పింది ఆ గుంటూరు మనిషే. టీ1, టీ2 అనే స్కాను రకాలు ముగించి, మోకాలి కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్‌కి వచ్చేవారు.

"ప్రోటాన్ డెన్సిటీ స్కానులో నల్ల త్రికోణం చూడమ్మా నీలిమా, అదే మెనిస్కస్. లోపలి తెల్ల గీత అంచును తాకాలి, కనీసం రెండు స్లైసుల్లో, అంటే రెండు అడ్డకోత బొమ్మల్లో. అప్పుడే టేర్, చిరిగింది అని రాయి."

తొందరపడితే కసిరేవారు.

చివరి క్లాసులో పేరు కప్పిన ఫిల్ము తగిలించారు. పక్కపక్క స్లైసులు రెండింట్లోనూ గీత అంచును తాకింది.

"టేరే సార్," అన్నాను.

ఆయన లైటు ఆర్పారు.

"మోకాలు నాదేనమ్మా. రెండోది చూడలేక మొదటి స్లైసు దగ్గరే ఆగిపోతున్నాను, వారం నుంచీ."