'ధైర్యం తక్కువ' అన్న మాటకు ఎన్ని మార్కులు

చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ఒక నూలు మిల్లులో నేను హెచ్‌ఆర్ ఆఫీసర్‌గా చేరిన రెండో ఏడాది. దూదిని ఏకి పాయలుగా తీసే కార్డింగ్ సెక్షన్‌కి పగటి షిఫ్ట్ సూపర్‌వైజర్ కావలసి వచ్చింది. అంతకు ముందు ఆ సీటులో ఉన్నతను మూడు నెలలకే మానేశాడు. ఆ మూడు నెలల్లో సెక్షన్‌లో సగం మందితో గొడవ పెట్టుకున్నాడు. అతన్ని ఎందుకు తీసుకున్నామో చూద్దామని పాత ఫైలు తీస్తే, ఇంటర్వ్యూ కాగితం మీద ఒక్కటే మాట ఉంది: "బాగున్నాడు."

ఆ రోజే మేనేజర్ గారి దగ్గరికి వెళ్లి, ఈసారి ఇలా కుదరదని చెప్పాను. అడిగే ప్రశ్నలు అందరికీ ఒకటే ఉండాలన్నాను. ఇంటర్వ్యూ చేసినవాళ్లు నోట్స్ రాస్తే, ఆ నోట్స్‌ని నేను అయిదు అంశాల కింద ఒకటి నుంచి అయిదు దాకా మార్కులుగా మారుస్తాను. యంత్రాల పరిజ్ఞానం, భద్రత, మనుషులతో పనిచేయించడం, ఈ మూడింటికీ తలా నూటికి ఇరవై అయిదు. షిఫ్ట్ రిపోర్టులకు పదిహేను, కొత్తది నేర్చుకునే తీరుకు పది. భద్రతలో మూడు కంటే తక్కువ వస్తే మిగతావి ఎంత బాగున్నా సిఫార్సు ఉండదు. దూది మధ్య పనిచేసే చోట నిప్పురవ్వ ఏం చేస్తుందో ఆ మిల్లులో అందరికీ తెలుసు కాబట్టి ఆ షరతుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఏ మార్కుకు ఏం వినపడాలో కూడా ముందే రాసి పెట్టాను.

ఇంటర్వ్యూ చేసింది ఇద్దరు. ఒకరు స్పిన్నింగ్ మాస్టర్ గారు, నలభై ఏళ్లుగా మిల్లుల్లోనే ఉన్న మనిషి. రెండోవారు క్వాలిటీ ల్యాబ్ చూసే మేడమ్. వచ్చిన ఆరుగురిలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒంగోలు నుంచి వచ్చిన డిప్లొమా అతను, రెండేళ్లు ఒక పెద్ద మిల్లులో పనిచేశాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. రెండో ఆవిడ పర్చూరు వైపు నుంచి. చిన్న మిల్లులో కార్మికురాలిగా మొదలుపెట్టి, తొమ్మిదేళ్లలో సెక్షన్ లీడర్ అయింది. ఆగి ఆగి మాట్లాడుతుంది.

మాస్టర్ గారి నోట్స్ ఆ సాయంత్రమే వచ్చాయి. ప్రమాదం ఎదురైతే ఏం చేశారన్న భద్రత ప్రశ్న కింద, పర్చూరు ఆవిడ గురించి మూడు ముక్కలు రాశారు: "చిన్న దానికి లైన్ ఆపింది. ధైర్యం తక్కువ. ప్రొడక్షన్ మీద శ్రద్ధ లేదు."

ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ మూడు ముక్కలు చదివి నేను భద్రత గడిలో రెండు వేసేశాను. గాభరా పడే మనిషి అనుకున్నాను. రాసింది మాస్టర్ గారు, ఆయన మాటకు నా మనసులో అంత బరువుంది. ఆ రెండుతో ఆవిడ పోటీలోంచి తప్పుకున్నట్టే. కంప్యూటర్ కట్టేసి గుంటూరు బస్సు ఎక్కాను.

మర్నాడు పొద్దున ల్యాబ్ మేడమ్ తన కాగితాలు తెచ్చి ఇచ్చారు. ఆవిడకు విన్నది విన్నట్టు రాసే అలవాటు. అదే ప్రశ్న కింద, అదే జవాబు ఇలా ఉంది: "కాలిన వాసన వచ్చింది. ముందు ఫీడ్ ఆపాను. తర్వాత సక్షన్ ఆపాను. మనుషుల్ని బయటికి పంపాను. అప్పుడు మా మాస్టర్‌కి ఫోన్ చేశాను. ఫిట్టర్ వచ్చి వెతికితే బేరింగ్ వేడెక్కిందని తేలింది. గంటన్నర పట్టింది."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఫీడ్ అంటే యంత్రంలోకి దూది అందించేది. సక్షన్ అంటే యంత్రాల దగ్గర రాలే దుమ్మునీ పీచునీ గొట్టాల్లోకి లాగే గాలి. దాన్ని ఆపకపోతే నిప్పురవ్వ ఆ గొట్టాల్లో పడి పక్క యంత్రాలకు పాకుతుంది. ఆవిడ సరిగ్గా ఆ క్రమంలోనే చేసింది. నేను రాసిపెట్టుకున్న కొలతలో అయిదుకు ఇలా ఉంది: "సొంతంగా నిర్ణయం తీసుకుని, యంత్రాన్నీ మనుషుల్నీ సరైన క్రమంలో కాపాడిన అనుభవం చెప్పారు." నేను వేసింది రెండు. మేడమ్ ఆ రోజు సెలవు పెట్టి ఉంటే పర్చూరు ఆవిడ గతి ఏమయ్యేదో.

రెండు కొట్టేశాను. వెంటనే అయిదు వేయలేదు. ఇద్దరూ విన్నది ఒకటేనా కాదా తేల్చుకోవాలని షెడ్డులోకి నడిచాను. మాస్టర్ గారు అద్దాల గదిలో టీ తాగుతున్నారు.

"మాస్టర్ గారూ, పర్చూరు ఆవిడ గురించి 'ధైర్యం తక్కువ' అని రాశారు. ఆవిడ ఏం చెప్తే అలా అనిపించిందండీ?"

"ఏముందమ్మాయ్, వాసనొచ్చిందని లైనంతా ఆపేసిందంట. మా రోజుల్లో అయితే ముందు వెళ్లి చూసేవాళ్లం."

"ఏ వరసలో ఆపిందో చెప్పిందా?"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఫీడ్ ఆపానంది... తర్వాత... సక్షన్. అవును, సక్షన్ కూడా ఆపానంది." మూడో వేలు మడిచారు. "మనుషుల్ని పంపించేసి ఫోన్ చేసిందంట."

"మరి అది ధైర్యం తక్కువంటారా?"

"అది కాదులేమ్మా. గంటన్నర లైన్ ఆగింది చూడు, నా బాధ అది. ఆ బేరింగేదో తనే కనిపెట్టుంటే పావుగంటలో మళ్లీ తిరిగేది."

ఆయన మాటలో నిజముంది. కాకపోతే అది భద్రతకు సంబంధించిన నిజం కాదు. లోపం ఎక్కడుందో ఆవిడ కనిపెట్టలేకపోయింది, ఫిట్టర్ వచ్చి వెతకాల్సి వచ్చింది. అది యంత్రాల పరిజ్ఞానం గడిలోకి రావాలి. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపి, "అట్టా అయితే రాసుకో" అన్నారు. ఆయన ఇప్పుడు చెప్పింది ఇంటర్వ్యూ నాటి నోట్స్‌లో లేదు కాబట్టి "తర్వాత అడిగితే చెప్పినది" అని విడిగా రాసి ఆయన సంతకం తీసుకున్నాను. యంత్రాల పరిజ్ఞానంలో మూడు, భద్రతలో అయిదు. ప్రతి మార్కు పక్కనా అది ఎవరి నోట్స్‌లో ఏ మాటను బట్టి వచ్చిందో రాశాను.

ఒంగోలు అతని కాగితాల్లో ఇంకో చిక్కు బయటపడింది. ఇద్దరి నోట్స్‌లోనూ మెచ్చుకోళ్లే. అయితే భద్రత ప్రశ్న కింద ఏమీ లేదు. మేడమ్‌ని అడిగితే నాలుక కరుచుకున్నారు. అతను పనిచేసిన మిల్లులో మాస్టర్ గారికి తెలిసినవాళ్లు ఉండటంతో మాటలు అటు మళ్లాయి, ఆ ప్రశ్న అడగనే లేదు.

ఆ గడి ఖాళీగా వదిలి, "అడగలేదు" అని రాసి మేనేజర్ గారికి చూపించాను.

"ఖాళీగా వదిలితే ఎట్టాగమ్మా? మధ్యస్తంగా మూడు వేసెయ్. పెద్ద మిల్లులో చేసొచ్చాడు, ఆ మాత్రం తెలీదా?"

"తెలిసే ఉండొచ్చు సార్. కానీ మనం వినలేదు కదండీ. వినని దానికి నేను మార్కు వేయలేను."

"రేపు ప్యానెల్ కూర్చోవాలి. ఇప్పుడేం చేస్తావ్?"

"అతన్ని పొద్దున్నే రమ్మంటాను. పర్చూరు ఆవిడని అడిగిన ప్రశ్నే, అవే మాటల్లో అడుగుదాం. పది నిమిషాలు చాలు. మాస్టర్ గారూ మేడమూ ఎవరికి వాళ్లు రాసుకుంటారు."

ఆయన విసుక్కున్నారు. నేను కదల్లేదు. చివరికి, "సరే, నీ ఇష్టం. పదిన్నరకల్లా తేలిపోవాలి" అన్నారు.

అతను తొమ్మిదికే వచ్చాడు. ప్రశ్న విని నిజాయితీగానే జవాబు చెప్పాడు. అలాంటిది తనకు ఎప్పుడూ ఎదురు కాలేదన్నాడు. ఎదురైతే ఫీడ్ ఆపి పైవాళ్లకు ఫోన్ చేస్తానన్నాడు. సక్షన్ మాట రాలేదు, మనుషుల మాట రాలేదు. మూడుకు నేను రాసుకున్న కొలత "ఏం చేయాలో తెలుసు, క్రమంలో ఖాళీలున్నాయి" అని. మూడే పడింది.

మేనేజర్ గారు కాగితం చూసి నవ్వారు. "నేను నిన్న చెప్పిందీ మూడే కదమ్మా!"

"అవునండీ. ఇప్పుడు దాని పక్కన రాయడానికి అతని మాటలున్నాయి."

ప్యానెల్ అంటే మేనేజర్ గారు, మాస్టర్ గారు, మేడమ్. మొత్తం మీద ఆవిడకు మూడు పాయింట్ ఏడు, అతనికి మూడున్నర. ఈ కాస్త తేడాను చూసి నిర్ణయించవద్దని నేనే ముందు చెప్పాను. తేడా ఎక్కడ వచ్చిందో గడిగడినా చదివి వినిపించాను. యంత్రాల్లో అతను నాలుగు, ఆవిడ మూడు. రిపోర్టుల్లో అతను నాలుగు, ఆవిడ రెండే, కంప్యూటర్ అలవాటు లేదు. భద్రతలో ఆవిడ అయిదు, అతను మూడు. మనుషులతో పని విషయంలో, సెలవు గొడవ ఒకటి ఎలా సర్దిందో వివరంగా చెప్పింది కాబట్టి ఆవిడకు నాలుగు, అతనికి మూడు. నేర్చుకునే తీరులో ఇద్దరికీ నాలుగే.

"ఆ అయిదు మరీ ఎక్కువ" అన్నారు మాస్టర్ గారు. కొలత కాగితం ఆయన ముందుకు జరిపి, "ఇందులో ఆవిడ చేయనిది ఏదైనా ఉంటే నాలుగు చేస్తానండీ" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివారు. "లేదు. అన్నీ చేసింది" అని కాగితం వెనక్కి తోశారు.

నా సిఫార్సు ఇది: పర్చూరు ఆవిడను తీసుకోవాలి, రిపోర్టుల మీద రెండు వారాలు శిక్షణ ఇవ్వాలి, ఆవిడ చేరకపోతే ఒంగోలు అతన్ని పిలవాలి. మేనేజర్ గారు, మేడమ్ ఒప్పుకున్నారు. మాస్టర్ గారు మాత్రం మార్కులన్నీ ఒప్పుకుంటూనే, యంత్రం తెలిసినవాడే తనకు ముఖ్యమని, తన ఓటు అతనికేనని అన్నారు. ఆ మాట కూడా ఆయన చెప్పినట్టే నివేదికలో రాశాను. ఆయన సంతకం పెట్టి, "నా మాట కొట్టెయ్యలేదు, అదే చాలు" అని లేచారు.

రెండు రోజుల తర్వాత ఒంగోలు అతను ఫోన్ చేశాడు. "ఎందుకు రాలేదో చెప్తారాండీ?" అని అడిగాడు. అవతలి అభ్యర్థి సంగతి చెప్పలేనని, అతని సంగతి చెప్పగలనని అన్నాను. రిపోర్టుల్లో, యంత్రాల్లో బాగా చెప్పాడని, భద్రత ప్రశ్నలో మనుషుల్ని పంపడం, సక్షన్ ఆపడం అతని నోటి వెంట రాలేదని చెప్పాను. "ఇప్పటిదాకా నాలుగు చోట్ల పోయిందండీ. ఎందుకో ఎవరూ చెప్పలేదు" అన్నాడు. గొంతులో కోపం లేదు.

పర్చూరు ఆవిడ నెల తిరక్కుండా చేరింది. నేను రాసిన రెండు వారాలు ఏ మూలకూ చాలలేదు. షిఫ్ట్ రిపోర్టు తనంతట తాను పంపడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది. శిక్షణ గడువు తక్కువ వేశానని ఆవిడ ఫైల్లో నా పేరు మీదే రాసి పెట్టాను.