అందరికీ అర్థమయ్యే షరతు

నాకు రాయడం బాగా వచ్చు. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి, నేను చెప్పబోయేది గొప్ప సంగతి కాదు.

ఎనభైల మొదట్లో అమలాపురం కోర్టులో నేను కొత్తగా నల్లకోటు వేసుకున్నాను. ఆడప్లీడరంటే అప్పట్లో జనానికి వింత. కేసిచ్చే ధైర్యం ఎవరికీ లేదు గానీ, చూడ్డానికి మాత్రం వచ్చేవారు. మా సీనియర్ గారు నాకు వాదనలు ఇచ్చేవారు కారు, కాయితాలు ఇచ్చేవారు. "నీ చేతిరాత ముత్యాలమ్మా" అనేవారు. ముత్యాలు ఏరుకుంటూ కూర్చోడానికా నేను లా చదివింది అని లోపల మండిపోయేది.

ఓరోజు అంబాజీపేట అవతల కొబ్బరి పీచు ఫ్యాక్టరీ ఉన్నాయన రుసరుసలాడుతూ వచ్చేరు. కాయ వలిచిన డొక్కల్ని కాలవలో నెలల తరబడి నానబెడితేగానీ పీచు మెత్తబడదు. ఈయన సిమెంటు తొట్లు కట్టించి, డొక్కల్ని ముందే నలిపించి, నీళ్ళలో ఏవో కలిపి, వారాల్లోనే తేల్చేస్తున్నారు. ఆ కలిపే సంగతే ఆయన ప్రాణం. పనివాడొకడు మానేసి కొత్తపేట వైపు ఎవరికో అది చెప్పేశాట్ట. "దావా వెయ్యండి. వాడి చేత సంతకం పెట్టించాను" అని కాయితం బల్లమీద కొట్టేరు.

చూద్దుం కదా, అది ఇంగ్లీషులో ఉంది. ఎక్కడో పెద్ద కంపెనీ కాయితం చూసి ఎత్తి రాసింది. ఫ్యాక్టరీకి సంబంధించిన సమస్త విషయాలూ, ఏ కాలంలోనూ, ఏ వ్యక్తికీ, ఏ విధంగానూ తెలపరాదు. అంతే. మినహాయింపు అన్న మాటే లేదు.

సీనియర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది నిలబడదండి. అన్నీ రహస్యమే అంటే, ఇంతకీ ఏది రహస్యమయ్యా అంటాడు జడ్జి. వాడికి ఇంగ్లీషు రాదు, వేలిముద్ర వేశాడు. ఏనుగంత కాయితం, దోమని ఆపదు" అన్నారు. దావా మాట పక్కనపెట్టి, ఉన్నవాళ్ళకైనా సరైన షరతు తెలుగులో రాయించుకోమన్నారు. రాసే పని నాకు పడింది.

పనివాళ్ళని అడిగితేగానీ రాయలేనని ఫ్యాక్టరీకి వెళ్ళేను. పాపం, వాళ్ళు ఆ కాయితాన్ని ఎలా అర్థం చేసుకున్నారో వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకాయన ఏం పని చేస్తున్నాడో పెళ్ళానికి కూడా చెప్పలేదు. సారా కాస్తున్నాడేమోనని ఆవిడ పాస్టరుగారి దగ్గరికి పోయి ప్రార్థన చేయించింది! ఇంకో ఆవిడకి ఆ నీళ్ళతో చేతులు పుండ్లు పడితే, ఆస్పత్రిలో డాక్టరు ఎన్నిసార్లడిగినా నోరు విప్పలేదట. "సంతకం పెట్టేం కదండీ" అంది. అసలు చెప్పకూడని ముక్క మాత్రం కొత్తపేట వెళ్ళిపోయింది.

వారం రోజులు కూర్చుని రాసేను. మొదటి చిక్కేంటంటే, రహస్యం ఏదో కాయితంలో రాస్తే అది రహస్యం కాకుండా పోతుంది. రాయకపోతే పాత కథే. అందుకని చోటుని పట్టుకున్నాను. "తొట్ల షెడ్డులో నీళ్ళలో ఏమేం కలుపుతారు, ఎంతెంత కలుపుతారు, ఏది ముందు ఏది వెనక, ఎన్నాళ్ళు ఉంచుతారు: ఇవే రహస్యం. మీ జీతం, పనిగంటలు, షెడ్డు బయట చేసే పని రహస్యం కాదు." ఎన్నాళ్ళు? పనిలో ఉన్నన్నాళ్ళూ, మానేశాక మూడేళ్ళు. ఈలోగా మీరు చెప్పకుండానే ఆ సంగతి లోకానికి తెలిసిపోతే, ఆ రోజు నుంచీ అది రహస్యం కాదు. మీకు ముందే వచ్చిన చేతిపని మీదే. ఒంటికి దెబ్బ తగిలితే, ఏం తగిలిందో డాక్టరుకి చెప్పొచ్చు. కోర్టుగానీ, చట్ట ప్రకారం అడిగే హక్కున్న ఆఫీసరుగానీ అడిగితే చెప్పాలి.

ఫ్యాక్టరీ ఆయన మినహాయింపులు చూసి మండిపడ్డారు. "తలుపులు తీసిపెట్టి దొంగని రమ్మన్నట్టుందమ్మా!"

"కాదండీ. డాక్టరుకి చెప్పేది ఏం తగిలిందన్నదే. పాళ్ళూ వరసా కాదు. ఆ మాట కూడా రాసేను, చూడండి. ఇన్ని తలుపులు తీసేం కాబట్టే, మూసిన తలుపు జడ్జిగారు గౌరవిస్తారు" అన్నాను. సీనియర్ గారు మీసాల్లో నవ్వుకున్నారు. ఆ నవ్వుకి నేను ఎంత పొంగిపోయేనో!

సంతకాలకి ముందు షెడ్డు బయట అందరినీ కూర్చోబెట్టి చదివేను. మా నాన్నగారు ఆ ఊరి మిషన్ బళ్ళో మేష్టారు. అక్కడున్న వాళ్ళలో సగంమంది ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు, ఆదివారం మా గుళ్ళో, అదే చర్చిలో, మా వెనక బెంచీల మీద కూర్చునేవాళ్ళు. అర్థమైందాండీ అంటే, "ఆయ్, అర్థమైందండి" అని ఒకటే తలలూపడం. "మన మేష్టారి పాప రాసింది, మనకి తెలిసేలా రాసింది" అని ఒక ముసలావిడ నా బుగ్గలు పుణికింది. అర్థమయ్యేలా రాసిందంటే మనవైపే రాసిందని వాళ్ళ లెక్క. నాకు జీతమిచ్చేది ఎవరో వాళ్ళకి తట్టలేదు. నేనూ చెప్పలేదు.

అప్పుడు తొట్ల దగ్గర పనిచేసే పెద్దాయన చెయ్యెత్తేరు. గుళ్ళో పాటలు ఎత్తుకునేది ఆయనే. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని.

"పాపగారూ, నాదో సందేహమండి. అయ్యగారు చెప్పింది రహస్యం, సరే. ఇక్కడ చేస్తూ చేస్తూ నాకై నేను కనిపెట్టిన కిటుకు ఒకటుందండి, నానే రోజులు సగమైపోతాయి. అయ్యగారికి కూడా ఈమధ్యే చూపించేను. అదెవరిదండీ?"

నేను రాసిన దాంట్లో దానికి జవాబు లేదు. అటూ లాగొచ్చు, ఇటూ లాగొచ్చు. చేతిపని మీదే అన్నాను కదా, అది ఆయన చేతిపనే అని ఎవరైనా వాదిస్తే నేనే ఒప్పుకునేదాన్ని. "కనుక్కుని చెప్తాను బాబాయ్" అన్నాను.

అమలాపురం వచ్చి సీనియర్ గారికి చెప్తే ఆయన ఎగిరి గంతేశారు. "భలే పట్టుకున్నావమ్మా! ఆ కన్నం పూడ్చెయ్యి." పట్టుకున్నది నేను కాదు. బాబాయ్. కల్లాకపటం లేక ఆయన చూపించిన కన్నాన్ని ఆయనమీదే పూడ్చేను. "పనిలో ఉండగా తొట్ల పనిలో మీరు కొత్తగా కనిపెట్టినది కూడా ఫ్యాక్టరీ రహస్యమే." ఒక్క వాక్యం. చంటిపిల్లాడిక్కూడా అర్థమవుతుంది.

అది ఆయన ముందు చదివినప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు. సంతకం పెట్టకముందు వేరే ప్లీడరుకి చూపించుకో బాబాయ్ అని నాలిక చివరిదాకా వచ్చింది. అంత చాలు, క్లయింటుకి ద్రోహం కూడా కాదు. అయినా అన్లేదు. ఆయన "మీరు రాశాక ఇంకేముందండీ" అని సంతకం పెట్టేశారు. చక్కటి సంతకం, మా నాన్నగారు నేర్పిందే.

తరవాత కొన్నాళ్ళకి మోకాళ్ళు పట్టేసి బాబాయ్ ఫ్యాక్టరీ మానేసేరు. రాజోలు దగ్గర బావమరిదికి కాలవ గట్టున కాస్త చోటుంది. అక్కడ చిన్న తొట్టి కట్టుకుని, ఆ కిటుకుతో పీచు తీసి బతుకుదామని ఆయన ఆశ. ఆ సంగతి మా అమ్మ గుళ్ళో విని వచ్చి చెప్పింది. "మూడేళ్ళు ఆగాలిట కదే? నువ్వే రాశావుట!" అంది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

ఆగేరు మహానుభావుడు. బావమరిది ఆగలేక చోటు వేరేవాళ్ళకి కౌలుకిచ్చేశాడు. ఈయన మలికిపురంలో ఎవరి దగ్గరో తాళ్ళు పేనుతూ గడిపేరు. ఈలోపు ఏమైంది? డొక్కలు నలిపే మిషన్లు అమ్మేవాళ్ళు లారీల మీద దిగేరు. మిషన్‌తో పాటు తొట్టి సంగతీ, నీళ్ళ సంగతీ, రోజులు సగం చేసే కిటుకూ ఊరూరా ఉచితంగా చెప్పిపోతున్నారు. కోర్టు వరండాలో క్లయింట్లు ఆ కబుర్లే చెప్పుకునేవారు. నేను విన్నాను. వినగానే బాబాయే గుర్తొచ్చేరు. ఆయన మీద షరతు ఆనాటితో రాలిపోయిందని నాకు తెలుసు, నేనే కదా రాసింది! బస్సెక్కి వెళ్ళి ఒక్క ముక్క చెప్తే అయిపోను. ఫ్యాక్టరీ ఆయన ఇంకా మా ఆఫీసు క్లయింటే, నాకెందుకు, అనుకున్నాను. అలా అనుకుని పడుకుంటే నిద్ర పట్టిందా అంటే, పట్టింది. అందుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గడువు తీరిన మర్నాడే బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఆఫీసుకి వచ్చేరు. కాయితం మడత విప్పి బల్లమీద పెట్టి, "చూడండి పాపగారూ, ఇంక చేసుకోవచ్చాండీ?" అన్నారు. ముఖం వెలిగిపోతోంది.

చెప్పక తప్పలేదు. చేసుకోవచ్చు బాబాయ్, ఎప్పట్నుంచో చేసుకోవచ్చు అన్నాను. అందరూ చేస్తున్నారనీ, మలికిపురం దాకా వచ్చేసిందనీ, లోకానికి తెలిస్తే రహస్యం కాదని అందులోనే ఉందనీ చెప్పేను. చెబుతున్నకొద్దీ నా మాటలు నాకే కర్కశంగా వినిపించాయి.

"ఆయ్, ఉందండి, చదివేను" అన్నారాయన. "నాకూ అనుమానం వచ్చిందండి, ఎవరో ఏదో చేస్తున్నారని. కానీ లోకానికి తెలిసిందో లేదో ఎవర్ని అడగనండీ? మీకిది తెలుసా అని అడగాలంటే, ఇది అన్నది నేనే చెప్పెయ్యాలి కదండీ."

నాకు కొరడాతో కొట్టినట్టయింది. సంశయం వస్తే ఫలానా చోట అడగండి అన్న ఒక్క వాక్యం రాసుంటే చాలు. ఎవరి రహస్యమూ పోదు, ఎవరి సొమ్మూ పోదు. ఫ్యాక్టరీ ఆయన కూడా కాదనేవారు కాదు. అది నాకు తట్టలేదు. తప్పు నాది బాబాయ్, నన్ను అడగమని రాయాల్సింది అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగేయి.

"అయ్యో, మీదేం తప్పండీ. బాగా రాసేరు" అని ఆయనే నన్ను ఓదార్చేరు. కాయితం మళ్ళీ మడతపెట్టి, "అయితే ఇంక నేను చెప్పినా వినేవాళ్ళు లేరన్నమాట" అన్నారు.

"నాకు చెప్పు బాబాయ్" అన్నాను.

ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఏమీ లేదండి. తొట్టి ఖాళీ చేసినప్పుడు అప్పట్లో అందరూ పాతనీళ్ళు పారబోసేసేవారు. పారబొయ్యకూడదు. రెండు బిందెలు అట్టేపెట్టి కొత్తనీళ్ళలో కలపాలి. పాలకి తోడు వేస్తాం చూడండి, అలాగన్నమాట. సగం రోజుల్లో పీచు మెత్తబడిపోద్ది." చేతులు ఊపుతూ, తొట్టి ఎదురుగా ఉన్నట్టే, ఏ కాలంలో ఎంత, ఎండకి ఎంత, వానకి ఎంత, అన్నీ చెప్పేరు. నేను మధ్యలో ఆపలేదు.

అంతా అయ్యాక లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు:

"ఎవరితోనూ అనకండేం, పాపగారూ."