నేను వదులు చేసిన మాస్కు

శివమ్మత్త శంషాబాద్‌లో రోడ్లు ఊడుస్తుంది. చెత్త కాలే చోట పెట్టుకొమ్మని ఆమెకు బిగుతు మాస్కు ఇచ్చారు. "చెంపలు కోసుకపోతున్నయి పిల్లా, జర వదులు చెయ్యి" అంటే, జాకెట్టు వదులు చేసినట్టే కుట్టు మిషన్ మీద దాని ఎలాస్టిక్ పొడిగించాను.

వారానికే అత్తకు దగ్గు పట్టుకుంది. దవాఖానకు తోడు వెళ్లాను. నర్సు మాస్కు అంచులో వేలు దూర్చింది.

"గుడ్డ మాస్కు పెద్ద దుమ్మునే కొంత ఆపుతది. ఇది సన్నని పొగను గూడ ఆపుతది, కానీ ముఖానికి అంటుకుంటేనే. గ్యాసును ఇదీ ఆపదు. ఎవరు వదులు చేసిన్రు?"

"నేనే గుంజిన, సాగింది" అంది అత్త.

మర్నాడు ఆమెకు కొత్త మాస్కు పెడుతూ, "నేనే చేసిన్నని నర్సుకు చెప్పకపోతిని అత్తా" అన్నాను.

"ఎరుకే. ముక్కుకాడ గట్టిగ నొక్కు."