తొమ్మిది గంటల ఐదు నిమిషాలు

నేను చెడ్డవాణ్ణి అని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఒప్పుకుంటే ఏదో ఒరుగుతుందని కాదు. ఆ పెద్దాయన ఇంటి గోడకు కోర్టు నోటీసు అంటించారని విన్న రోజున కూడా నేను కడుపునిండా తిన్నాను, అందుకని రాస్తున్నాను.

ఆయన తిరుపతిలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చిత్తూరులో బట్టల కొట్టు నాది. ఆయన కారు నేను కొన్నాను. అది సోమవారం. డబ్బు లెక్కపెట్టుకున్నాక కూడా తాళాలివ్వడే! "రాహుకాలం తొమ్మిదిదాకా ఉండాదప్పా, కూసో" అన్నాడు. గోడ గడియారం వంక చూస్తూ ఇద్దరం కూర్చున్నాం. తొమ్మిది దాటాక చక్రం కింద నిమ్మకాయ పెట్టి, బండి అప్పగించినట్టు తన చేత్తోనే రసీదు రాశాడు. తేదీ వేసి, పక్కన తొమ్మిది గంటల ఐదు నిమిషాలు అని కూడా రాసి, నా సంతకం తీసుకున్నాడు.

అంత జాగ్రత్త మనిషి, పేరు మార్పిడి ఫారాలు రెండింటిమీదా కొన్నవాడి పేరు రాయకుండానే సంతకాలు పెట్టిచ్చాడు. మా వైపు అందరూ అలాగే ఇస్తారు. కారు మీద అప్పు ఎప్పుడో తీరిపోయింది కానీ, ఆర్సీ పుస్తకంలో ఫైనాన్సు కంపెనీ పేరు అలాగే ఉంది. బాకీ లేదని కంపెనీ ఇచ్చిన కాగితం మూడు నెలలే చెల్లుతుంది. అదీ, కంపెనీ పేరు కొట్టేయించే ఫారమూ నా చేతిలో పెట్టి, "అన్నీ నువ్వే సూసుకో అప్పా" అన్నాడు.

చూసుకున్నాను, బీరువాలో పెట్టి. ఆ మూడు నెలలూ దాటిపోయాయి.

నేను బండి తోలితే రోడ్డు నాది. సీటు బెల్టు లేదని, వేగమని, నిలపకూడని చోట నిలిపానని జరిమానాలు పడ్డాయి. అవన్నీ పెద్దాయన ఫోనుకే పోయేవి.

"అప్పా, మళ్లీ ఫైను వచ్చినాది. నేను ఇంట్లోనే ఉండాను కదా?"

"నీ పేరు తిరుపతంతా మోగతా ఉండాది మామా, సంతోషపడు" అన్నాను. కొట్లో పనివాళ్లు నవ్వారు. నవ్వించాలనే అన్నాను. పాత జరిమానాలుంటే పేరు మారదని ఎవరో చెబితే, పాపం, మీసేవకు పోయి వాటిని ఆయనే కట్టుకున్నాడు. రసీదులు పట్టుకుని బస్సెక్కి చిత్తూరు వచ్చాడు.

"ఇప్పుడన్నా మార్పించప్పా."

"ఆర్టీఓ ఆఫీసులో నీ అప్పగింత రసీదు కూడా అడగతా ఉండారు మామా. అసలుదే కావాలంట." అది అబద్ధం. ఆ ముసలాయన ఆ కాగితం పట్టుకుని మాటిమాటికీ వస్తాడేమో అన్న విసుగు తప్ప, అప్పటికి నాకు వేరే ఉద్దేశం లేదు. జేబులోంచి దాన్ని తీసి, నాలుగు మడతలు విప్పి ఇచ్చేశాడు. జిరాక్సు తీసుకోవాలని కూడా తోచలేదు. నమ్మినవాడికి తోచదు.

ఆ ఏడాదే కారును సూళ్లూరుపేట ఆయనకు అమ్మేశాను. పెద్దాయన సంతకాలున్న ఆ ఖాళీ ఫారాలే అతనికీ ఇచ్చాను. అతనూ వాటిని దాచుకున్నాడే తప్ప ఆఫీసు గడప తొక్కలేదు. ఇన్సూరెన్సు ముగిసినా కట్టలేదు. పూతలపట్టు దగ్గర అతని డ్రైవరు సైకిలు మీద పోతున్న కూలీని గుద్దేశాడు. ఆ మనిషి అక్కడికక్కడే పోయాడు.

కూలీ భార్య నష్టపరిహారం కోసం ట్రిబ్యునలుకు పోయింది. ఆమె తప్పేముంది? రికార్డులో ఎవరి పేరుంటే వాడే ఓనరు. డ్రైవరు దగ్గర చిల్లిగవ్వ లేదు, ఇన్సూరెన్సు లేదు. కట్టాల్సింది పెద్దాయనే అని తీర్పు వచ్చింది. రిటైరైన డబ్బుతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు జప్తులోకి పోయింది.

అప్పుడు పెద్దాయన నా కొట్టుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మినా తీర్పు మారదంటప్పా. కానీ నీకు అమ్మినట్టు కాగితం సూపిస్తే, కట్టిన డబ్బు నీమీద దావా వేసి రాబట్టుకోవచ్చునని వకీలు సెప్పినాడు. నాకు దావా వద్దు. నువ్వు సగమన్నా ఇయ్యి, ఇల్లు నిలబడతాది. నేను నీకే కదా అమ్మినాను?"

ఆయన అడిగింది అంతే. కొట్లో ఇద్దరు బేరగాళ్లు చీరలు చూడడం మానేసి మా వైపు తిరిగారు. నాకు భయం వేసింది. భయంలో నా నోటికి వచ్చింది ఒకే మాట.

"కాగితం ఉండాదా మామా?"

 ఆయన తిట్టలేదు. "నీకే ఇచ్చినాను గదప్పా" అని, చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

ఇల్లు వేలంలో పోయింది. ఆ రసీదు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది, కింద నా సంతకంతో సహా.