పిచ్చుకల ప్రెస్ నోట్

గచ్చిబౌలిలో నాదొక చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ప్రెస్ నోట్లు టైపు చేయడం నాకు కొత్త కాదు. బోనాల కమిటీ, కాలనీ సంఘం ఎన్నికలు, నల్లా నీళ్ల కోసం ఖాళీ బిందెల ధర్నా, అన్నీ నా చేతుల మీదుగానే విలేకరుల వాట్సాప్‌కు పోయేవి. పదో తరగతితో బడి ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. శాఖా గ్రంథాలయంలో పక్షుల అరలో నేను ఇంటికి తెచ్చుకోని పుస్తకం లేదు. అందుకే ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి, "అక్కా, పిచ్చుకల మీద స్టడీ చేసినాం. రిజల్ట్స్ పేపర్లకు ఇయ్యాల. నాకు తెలుగులో రాయడం సరిగ్గా రాదు" అన్నప్పుడు, ముందున్న గిరాకీని కాసేపు ఆగమని ఆమెకు కుర్చీ వేశాను.

ఆమెది కర్నూలు వైపు. ఇక్కడ పరిశోధన చేస్తోంది. కొన్నేళ్ల కిందట ఆమె సీనియర్లు ఈ ఐటీ కారిడార్లో కొన్ని చోట్లు ఎంచుకుని, తెల్లవారాక నిలబడి పిచ్చుకలను లెక్కపెట్టారట. ఆమె మళ్లీ అవే చోట్లకు, అదే కాలంలో, అదే వేళకు పోయి లెక్కపెట్టింది. అద్దాల భవనాల దగ్గర దాదాపు కనిపించలేదు. మిగిలినవన్నీ టవర్ల మధ్య ఇరుక్కున్న పాత ఊళ్ల గల్లీల్లోనే. వాటిలో పెద్ద గుంపు మా షాపు వెనక గల్లీలో, ఒక పెంకుటిళ్ల వరసలో ఉంది.

ఆ వరస నాకు తెలుసు. చివరి ఇంట్లో ఒక అవ్వ కిరాణా కొట్టు నడిపేది. గుమ్మానికి వరి కంకుల కుచ్చు వేలాడదీసేది, పొద్దున్నే నూకలు చల్లేది. పెంకుల కింది సందుల్లో, పాత మీటరు పెట్టె తీసేసిన గోడ రంధ్రంలో గూళ్లుండేవి. ఇప్పుడు ఆ గోడల మీద రోడ్డు వెడల్పు కోసం ఎర్ర గీతలు పడ్డాయి.

"గూళ్లల్లో పిల్లలున్నాయక్కా. రెండు వారాలు ఆగితే ఎగిరిపోతాయి. రోడ్డు పని చూసే ఇంజనీరు సార్‌ను అడిగినా. పేపర్లో వస్తే పైవాళ్లకు చూపించి ఆపుతా, ఉత్త మాటకు ఆపలేనన్నాడు."

అదీ సంగతి. పేపర్లో రావాలి, వెంటనే రావాలి.

ఇద్దరం కూర్చుని ఒక పేజీలో రాశాం. పిచ్చుకలు ఎక్కడ తగ్గాయో మొదటి వాక్యంలో, గల్లీ సంగతి రెండో వాక్యంలో. పెద్ద పిచ్చుక గింజలు తిన్నా పిల్లలకు పురుగులే పెడుతుందని, చుట్టూ సిమెంటు, మందు కొట్టిన పచ్చిక తప్ప ఏమీ లేని చోట పురుగులు దొరకవని నేను చదివింది చెప్పాను. ఆమె నవ్వింది. "కరెక్టే. కానీ కారణం ఇదే అని రాయొద్దక్కా. కావచ్చు అనాల. మేము లెక్కపెట్టింది పిచ్చుకల్ని, పురుగుల్ని కాదు."

పేపర్లో మా ఏరియా వార్తలొచ్చే జోన్ పేజీకి రాసే కంట్రిబ్యూటర్, నేను తమ్ముడని పిలిచే కుర్రాడు, బండి దిగకుండానే నోటు చదివాడు.

"అక్కా, గిట్ల కావచ్చు, కావచ్చు అంటే డెస్కుల పక్కకు పెడ్తరు. జర ఆగు, ప్రపంచ పిచ్చుకల దినం వస్తున్నది. ఆ రోజు సగం పేజీ ఇప్పిస్త."

"అప్పటిదాకా గోడ ఉండదు తమ్మీ."

"అయితే సెల్ టవర్ రేడియేషన్ అని పైన పెట్టు. రేపే వస్తది. జనం అదే సదువుతరు."

"మేము టవర్ల సంగతే చూడలేదు" అంది ఆ అమ్మాయి.

"చూడకపోతే ఏంది మేడం, ఉన్నయి గద టవర్లు. లెక్కపెట్టుకోండ్రి, పిచ్చుకల కన్న ఎక్కువనే ఉంటయి."

అతను వెళ్లాక ఆమె నోటు మళ్లీ మొదటి నుంచి చదివింది. వీధిలో ఆఫీసు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. చివరికి, "రాయక్కా, టవర్ అనే రాయి" అంది. రాశాను. బిగ్గరగా చదవమంది. సగం చదివేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"తీసేయ్. రేపు ఎవరన్నా టవర్ కొలిచినావా అంటే నా లెక్కంతా అబద్ధమైపోతుంది. మిగతా గల్లీల కోసం చూపించడానికి ఈ లెక్క తప్ప మా దగ్గర ఏముంది?"

తీసేశాను. అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. గ్రంథాలయంలో అన్ని పేపర్లూ చివరి పేజీ దాకా చదివే అలవాటు నాది. జోన్ పేజీ మూలన ‘మా వీధి సమస్య’ అని ఒక శీర్షిక ఉండేది. పొంగే మురుగు, వెలగని లైట్లు, కుక్కల బెడద. దానికి ఏ దినమూ అక్కర్లేదు, పంపిన మరునాడే వేసేవారు. నాలుగు వాక్యాలు రాశాం: రోడ్డు వెడల్పుకు గుర్తు పెట్టిన పాత గోడల్లో పిచ్చుకల గూళ్లున్నాయి, నగరంలో ఇవి తగ్గిపోతున్నాయని అధ్యయనం చెబుతోంది, గూళ్లలో పిల్లలున్నాయి, అవి ఎగిరేదాకా పని ఆపాలి. ఆమె గోడ ఫోటో కూడా జతచేస్తే, పంపేశాం.

మరునాడే పేపర్లో పడింది. పేపరు విప్పి రెండుసార్లు చదివాను. ఆ శీర్షికకు ఒక మూస ఉంది: సమస్య చెప్పాలి, అధికారులు పట్టించుకోవడం లేదనాలి. డెస్కులో ఎవరో మా నాలుగు వాక్యాలను ఆ మూసలో పోశారు. ‘పాత గోడలు తొలగించేదెప్పుడు?’ అని హెడ్డింగ్. గుర్తు పెట్టి వదిలేసిన గోడల్లో పక్షులు గూళ్లు పెడుతున్నాయని, స్థానికులు ఇబ్బంది పడుతున్నారని రెండు లైన్లు. కింద మా ఫోటో.

ఆ అమ్మాయి ఇంజనీరు ఆఫీసుకు పరిగెత్తింది. నేను విలేకరికి ఫోన్ చేశాను. సవరణ వేయిస్తానన్నాడు, రేపటి ఎడిషన్లో. అక్కడ ఇంజనీరు ఆమెకు అదే కటింగ్ చూపించాడట. "పైనుంచి ఫోన్ వచ్చిందమ్మా. పేపర్లో పడింది, ఇంకా తియ్యలేదేందని అడుగుతున్నరు. మీరే గదా ఇచ్చింది?"

సాయంత్రానికల్లా జేసీబీ వచ్చింది. అవ్వ సామాను బయట పెట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయి డ్రైవరును బతిమాలి మీటరు పెట్టె రంధ్రంలో చెయ్యి పెట్టింది. దొరికిన పిల్లలను అట్టపెట్టెలో పెట్టి, ఎదురింటి సజ్జ మీద ఉంచాం. పిల్లల అరుపు విని తల్లి వస్తుందని నేను పుస్తకంలో చదివాను. చీకటి పడేదాకా నిలబడ్డాం. పెద్ద పిచ్చుకలు దుమ్ములో తిరిగాయి, గోడ ఉన్న చోటికే వచ్చి, మళ్లీ వైరు మీద వాలాయి. పెట్టె వైపు ఒక్కటీ రాలేదు. పొద్దునకు పెట్టెలో కదలిక లేదు.

పిచ్చుకల దినానికి ముందు విలేకరి తమ్ముడు మాట తప్పకుండా వచ్చాడు. "అక్కా, ఆ నోటు ఉన్నదా? సగం పేజీ ఖాళీ ఉంచిన్రు. గల్లీల పిచ్చుకలతోని ఫోటో ఒకటి కావాలె."

"ఆ నోటు పాతదైపోయింది" అంది ఆ అమ్మాయి. ఆ వారం ఆమె మళ్లీ ఆ గల్లీకి పోయి, అదే చోట, అదే వేళకు నిలబడి లెక్కపెట్టింది. కొత్త నోటు నాతో టైపు చేయించింది. రెండో వాక్యంలో గల్లీ పేరు పక్కన సున్నా పెట్టింది. ‘కావచ్చు’లను మాత్రం వదల్లేదు.

తమ్ముడు చదివి తలూపాడు. "సున్నా అంటే మంచి హెడ్డింగ్ అయితది మేడం."

అలాగే వచ్చింది, పేజీ పైభాగంలో, ఒక్క మాట కోత లేకుండా. ఫోటో మాత్రం ఎక్కడిదో, తోటలో కొమ్మ మీద పిచ్చుక.

అవ్వ ఇప్పుడు మూల మలుపులో షట్టరున్న గది కిరాయికి తీసుకుంది. ఆ రోజు పేపరు తీసుకుపోయి చదివి వినిపించాను. మొత్తం విని, "ఇప్పుడెందుకు బిడ్డా" అంది. లేచి వెళ్లి రోజులాగే నూకలు చల్లింది. ఎదురు టవరు బాల్కనీల నుంచి పావురాలు దిగాయి.