చీకటి ట్యూబు

మా కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆమె పాలకూర పిన్ని. ముప్ఫై ఒక్కేళ్ళుగా చేతిసంచీలో రెండు కట్టల పాలకూరతో వచ్చి ల్యాబు తాళం తీసేది ఆమే. పక్క గదిలో గాజుసామాను స్టోరు నాది. నాకు నోరెక్కువ, ఆమెకి ఓపికెక్కువ. అందుకే ఒక గోడకి అటూ ఇటూ ఇన్నేళ్ళు సర్దుకుపోయాం.

పదో తరగతి చదువుతో సీసాలు కడగడానికి చేరిన మనిషి. సింకు దగ్గర నిలబడి, వెనక నుంచి పాఠాలు వింటూ, కుళాయి కట్టేసి మరీ వింటూ, పదేళ్ళలో ల్యాబు టెక్నీషియన్ అయింది. ఆకుల ఈనెలు తీసి, చల్లటి ద్రావణంలో నూరి, నాలుగు మడతల బట్టలో వడగట్టి, యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున మిగిలిన పచ్చటి ముద్దని ఐసులో పెట్టేది. ఆ ముద్దలో ఉండేవి హరితరేణువులు. ఆమె తీసినంత శుభ్రంగా తీయడం ప్రొఫెసర్లకి కూడా చేతకాదు. ఈ మాట వాళ్ళ ముందే అన్నాను, ఎవరూ కాదనలేదు.

ఇంట్లో ఆకు ఊసెత్తితే భర్త, "కూర వండుతావా, పాఠం చెప్తావా?" అనేవాడట. అందుకని ఆమె కబుర్లన్నీ లోపలే ఉండిపోయాయి. నాలుగేళ్ళ కిందట పరిశోధనకని ఒక అమ్మాయి వచ్చి చేరేదాకా.

చురుకైన పిల్ల. వచ్చిన రోజే పిన్ని పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "పిన్నీ, పుస్తకంలో ఈ బొమ్మ నాకు బుర్రకెక్కట్లేదు. నువ్వు చెప్పు."

అంతే, పిన్ని మొహం వెలిగిపోయింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"ముందు రెండో ఫోటోసిస్టమ్ మీద వెలుగు పడుతుందమ్మా."

"రెండోది ముందెలా వస్తుంది పిన్నీ?"

"కనిపెట్టిన వరసలో పేర్లు పెట్టేశారు. పనిలో మాత్రం రెండోదే ముందు. మన డిపార్ట్‌మెంటులో పెద్దసారు ఆఖర్న రావట్లా? అలాగే అనుకో. వెలుగు తగలగానే ఒక ఎలక్ట్రాన్ లేచి బయటికి పోతుంది. దాని చోటు ఖాళీ. ఆ ఖాళీ నింపుకోడానికి నీటిని చీలుస్తుంది. నీటి నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఆక్సిజన్ని బయటికి వదిలేస్తుంది, ప్రోటాన్లు లోపలి సంచీలో ఉండిపోతాయి."

"తర్వాత?"

"లేచిన ఎలక్ట్రాన్ చేతులు మారుకుంటూ కిందికి దిగుతుంది. దిగుతూ ఇంకొన్ని ప్రోటాన్లని లోపలికి నెట్టిస్తుంది. చివరికి మొదటి ఫోటోసిస్టమ్ చేరేసరికి ఓపిక అయిపోయి ఉంటుంది. అక్కడ మళ్ళీ వెలుగు పడి ఇంకోసారి లేపుతుంది. ఈసారి వెళ్ళి ఎన్‌ఏడీపీ చేతికి చిక్కుతుంది. అదే ఎన్‌ఏడీపీహెచ్."

"మరి ఏటీపీ?"

"లోపల కిక్కిరిసిన ప్రోటాన్లు ఊరుకుంటాయా? బయటికి రావాలంటే ఒకటే దోవ, ఒక తిరుగుడు యంత్రం గుండా. అవి తోసుకుంటూ వస్తుంటే అది తిరుగుతుంది, తిరిగితే ఏడీపీకి ఫాస్ఫేటు అతుక్కుని ఏటీపీ అవుతుంది. ఈ రెండూ చేతిలో ఉంటేనే ఆకు పంచదార వండగలదు."

ఆ పిల్ల పిన్ని చెయ్యి పట్టుకుని, "నువ్వే నా గురువువి," అంది. ఆ మాటకి పిన్ని వారం రోజులు నేలమీద నడవలేదు.

అమ్మాయి పరిశోధన నారింజ తొక్క రసం మీద. ఆ రసం తగిలితే ఆకులో ఎలక్ట్రాన్ల పరుగు ఎన్నో రెట్లు పెరుగుతుందని చెప్పాలని ఆమె తాపత్రయం. కొలిచే పద్ధతి మా ల్యాబులో పాతదే. హరితరేణువుల్లో ఒక నీలి రంగు కలిపి దీపం ముందు పెడతాం. ఎన్‌ఏడీపీకి అందాల్సిన ఎలక్ట్రాన్లని దారిలోనే ఆ రంగు కాజేస్తుంది. కాజేసిన కొద్దీ నీలం పోయి ద్రావణం తేటపడుతుంది. ఎంత త్వరగా పోతే ఎలక్ట్రాన్లు అంత జోరుగా వస్తున్నట్టు. దానికి తోడు అచ్చం అలాంటిదే ఇంకో ట్యూబుకి ఫాయిల్ చుట్టి చీకట్లో ఉంచుతాం. వెలుగు లేదు గనక దాంట్లో నీలం నీలంగానే ఉండాలి. ఆ చీకటి ట్యూబులు చుట్టే పని పిన్నిది. రెండు పొరలు, మూత మీద ఇంకో మడత. చీమకి కూడా సందు ఉండదు.

రసం లేని ట్యూబులో రంగు పోవడానికి ఏడు నిమిషాలు పట్టింది. రసం కలిపిన దాంట్లో నిమిషం. అమ్మాయి గంతులేసింది. పిన్ని మాత్రం ఫాయిల్ విప్పి చూసి ఆగిపోయింది. రసం కలిపిన చీకటి ట్యూబులో కూడా నీలం లేదు.

"ఎక్కడో వెలుగు దూరుంటుంది పిన్నీ," అంది అమ్మాయి.

పిన్ని మూడు పొరలు చుట్టి మళ్ళీ చేసింది. ఆ తర్వాత అల్మారాలో పెట్టి తాళం వేసి ఇంకోసారి చేసింది. మూడుసార్లూ అంతే. మూడుసార్లూ తేదీతో ల్యాబు పుస్తకంలో రాసి సంతకం పెట్టింది: చీకటి ట్యూబు, రంగు పోయింది. "దీని సంగతేంటో తేల్చుకో తల్లీ, తర్వాతే మిగతావి," అంది. అమ్మాయి బుద్ధిగా తలూపింది.

ఏడాది తిరిగింది. సిద్ధాంత గ్రంథం పూర్తయింది. దాన్ని పరీక్షించడానికి బయటి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, ముక్కుమీద కళ్ళజోడు, గొంతులో తొందర లేదు. పరీక్ష ల్యాబులోనే. ప్రయోగం చూపించేటప్పుడు ట్యూబులు అందివ్వడానికి పిన్ని, గాజుసామానుతో నేను వెనక నిలబడ్డాం. పెద్దావిడ ఒక పేజీ దగ్గర ఆగింది.

"చీకటి ట్యూబుల్లో ఏ మార్పూ లేదని రాశావు. ఆధారం ల్యాబు పుస్తకం అన్నావు. అది తెప్పించు."

పిన్నే తీసుకెళ్ళి ఇచ్చింది. పెద్దావిడ మూడు సంతకాల మీదా వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ రంగు పోయిందనే ఉందే?"

అమ్మాయి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అది మా టెక్నీషియన్ పొరపాటండీ. ఫాయిల్ సరిగ్గా చుట్టదు. వయసు మీద పడింది కదా, పాపం. తర్వాత నేనే మళ్ళీ చేసుకున్నాను."

"పిన్ని" అనలేదు, "గురువు" అనలేదు. "టెక్నీషియన్" అంది. నా అరికాలి మంట నెత్తికెక్కింది. పిన్నికున్న ఆస్తి ఆ పుస్తకంలో సంతకమే. అది అబద్ధమైతే ఆమె రాసినవన్నీ చిత్తుకాగితాలే.

పెద్దావిడ ఆమె వంక తిరిగింది. "మీరేమంటారమ్మా?"

పిన్ని చేతిలో ట్యూబుల ట్రే బల్లమీద పెట్టింది. "నన్ను ఒక ట్యూబు కలపనివ్వండి," అంది. పెద్దావిడ సరేనంది.

ఫాయిల్ ముట్టుకోలేదు, ఐసులో పచ్చముద్ద జోలికి పోలేదు. ట్యూబులో ద్రావణం పోసి, నీలి రంగు వేసి, అందరి ముందూ ఎత్తి పట్టింది. అందులో నారింజ తొక్క రసం పోసింది. నిమిషం తిరక్కుండా నీలం తేలిపోయి నీళ్ళలా అయింది.

"ఇందులో ఆకు లేదండీ," అంది పిన్ని. "రెండో ఫోటోసిస్టమూ లేదు, మొదటిదీ లేదు. నీటిని చీల్చే దిక్కే లేదు. వెలుగున్నా లేకపోయినా ఒకటే. తొక్కలో విటమిన్ సి ఉంటుంది. రంగుకి ఎలక్ట్రాన్లు అదే ఇచ్చేసింది. నా ఫాయిల్ తప్పేమీ లేదు."

పెద్దావిడ గ్రంథం మూసి, "ఇది మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి," అంది.

నేనైతే ఆ సాయంత్రం మిఠాయి పంచేవాణ్ణి. పిన్ని సింకు దగ్గర నిలబడి కడిగిన ట్యూబునే కడుగుతోంది. "చిన్నపిల్ల," అంది. "అంతమంది ముందు కంగారుపడి ఏదో వాగేసింది. సంగతి తెలియక చేసింది గానీ, తెలిసుంటే చేసేదా?"

నా నోరు ఊరుకోదు కదా. స్టోరుకెళ్ళి పాత చీటీల కట్ట వెతికాను. సామాను ఎందుకు కావాలో చీటీలో రాసిస్తేనే ఇస్తాను, అది నా నియమం. దొరికింది. గ్రంథం ఇవ్వడానికి ఎనిమిది నెలల ముందు తేదీ, పిన్ని సెలవులో ఉన్న రోజు, అమ్మాయి గుండ్రటి అక్షరాలు: "ట్యూబులు మూడు. ఆకు లేకుండా, రసమూ రంగూ మాత్రమే."

పిన్ని చదివింది. ఇంకోసారి చదివింది. "అయితే తెలుసు," అంది. "తెలిసే నా పేరు చెప్పింది." తడిచేతులతోనే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. అమ్మాయి మొదటి రోజు లాక్కున్న స్టూలే. చూపించకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నిజం చెప్పి మనిషిని ఏడిపించిన పాపం నాది.

మర్నాడు అమ్మాయి వచ్చింది, కళ్ళు ఉబ్బిపోయి. క్షమాపణకేమో అనుకున్నాను.

"నువ్వు నా మనిషివనుకున్నాను పిన్నీ. ఒక్క మాట, ఫాయిల్ చిరిగిందని అనుంటే సరిపోయేది. నీకు పోయేదేముంది? నాకు నాలుగేళ్ళు పోయాయి."

పిన్ని చేతిసంచీ ముందుకు లాక్కుంది. "నాకు కూడా నాలుగేళ్ళే," అంది. సంచీలోంచి పాలకూర తీసి ఈనెలు ఒలవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కూడా పాలకూర వస్తూనే ఉంది, పచ్చముద్ద ఐసులో పడుతూనే ఉంది. చీకటి ట్యూబులు మాత్రం ఎవరివి వాళ్ళే చుట్టుకుని, ఎవరి సంతకం వాళ్ళే పెట్టుకోవాలంది. పోయిన నెల ఒక కొత్త పిల్ల చేరింది. బొమ్మల పుస్తకం పట్టుకుని నవ్వుతూ వచ్చి స్టూలు లాక్కుంది.

"పిన్నీ, రెండోది ముందెందుకు వస్తుందో చెప్పవా?"

పిన్ని అంతా చెప్పింది, ఒక్క ఎలక్ట్రాన్ కూడా వదలకుండా. పిల్ల పుస్తకం మూసి లేవబోతుంటే ఆపింది.

"ఇంకో మాటమ్మా. రేపటి నుంచి నన్ను టెక్నీషియన్ గారూ అని పిలువు."